ధర తెలియకూడదు, నచ్చకపోతే మార్చుకోగలగాలి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే ఒక పిన్ని, డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న అక్క కూతురికి ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ పంపిందనుకుందాం. గృహప్రవేశానికి వెళ్లడం కుదరలేదు, అందుకే అమెజాన్‌లో ఆర్డర్ పెట్టి నేరుగా ఆ అమ్మాయి ఇంటికే చేరేలా చూసింది. 80 డాలర్ల కుక్కర్ ఆ వారం తగ్గింపులో 60కే వచ్చింది. ఆ సంగతి అక్క కూతురికి తెలియకూడదని ఆమె కోరిక. ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్తగా ఇంట్లో చేరినవాళ్లకు కుక్కర్లు ఒకటికి రెండు రావడం మామూలే.

ఈ రెండింటికీ అక్కడ ఒకటే మందు. కొనే వస్తువును కార్ట్‌లో వేశాక `This order contains a gift` అనే గడి కనిపిస్తుంది. దానిలో టిక్ పెడితే, డబ్బు కట్టే ముందు నాలుగు ముక్కలు రాసుకునే చోటు, గిఫ్ట్ రిసీట్ జతచేసే వీలు వస్తాయి. పెట్టెలో వెళ్లే ఆ కాగితం మీద పంపినవారి శుభాకాంక్షలు, ఆర్డర్ నంబరు ఉంటాయి. ధర మాత్రం ఉండదు.

చాలామంది ఆ టిక్ ధర దాచడానికేనని అనుకుని ఆగిపోతారు. నిజానికి దానికన్నా పెద్ద పని మరొకటి చేస్తుంది. ఈ వస్తువు బహుమతి అని కంపెనీ లెక్కల్లో నమోదు చేస్తుంది. రేపు వస్తువు వెనక్కి వస్తే డబ్బు ఎవరికి చేరాలో ఆ నమోదే తేలుస్తుంది.

డాలస్ అమ్మాయి దగ్గర అప్పటికే కుక్కర్ ఉంది. పిన్నిని అడగకుండానే ఆమె అమెజాన్‌లో బహుమతులు వాపసు చేసే పేజీకి వెళ్లి, రిసీట్ మీదున్న ఆర్డర్ నంబరు కొడుతుంది. అది 17 అంకెల నంబరు. ముందు మూడు, తర్వాత ఏడు, మళ్లీ ఏడు అంకెలుగా, మధ్యలో అడ్డగీతలతో ఉంటుంది. నంబరు సరిపోతే కుక్కర్ పేరు తెర మీదికి వస్తుంది. వాపసుకు కారణం, పెట్టెను ఎక్కడ అప్పగిస్తుందో ఎంచుకుంటుంది. వస్తువు చేరాక డబ్బు ఆమె సొంత అమెజాన్ ఖాతాలో గిఫ్ట్ కార్డు రూపంలో పడుతుంది. వాపసు వెళ్లిందన్న కబురు పిన్నికి అందదు. ఆ డబ్బుతో అమ్మాయి ఇడ్లీ పాత్ర కొనుక్కున్నా, దుప్పట్లు కొనుక్కున్నా ఎవరి మనసూ నొచ్చుకోదు.

అదే పిన్ని టిక్ పెట్టడం మరిచిపోయి ఉంటే కథ వేరు. అమెజాన్ దృష్టిలో ఆ కుక్కర్ పిన్ని తనకోసం కొన్న వస్తువే, కాకపోతే వేరే చిరునామాకు తెప్పించుకుంది. అక్క కూతురు దాన్ని వెనక్కి పంపితే డబ్బు పిన్ని కార్డుకే తిరిగి పోతుంది. ఆ లావాదేవీ చూసిన పిన్నికి అమ్మాయి తన కానుక వద్దనుకుందని తెలిసిపోతుంది. అమ్మాయికి అటు కుక్కరూ ఉండదు, ఇటు డబ్బూ ఉండదు. ఆర్డర్ పెట్టేటప్పుడు వేయాల్సిన ఆ చిన్న టిక్ మీద ఇంత ఆధారపడి ఉంటుందని ఆ తెర మీద ఎక్కడా గట్టిగా చెప్పరు. చెప్పాల్సిన విషయమే ఇది.

గడువు సంగతి కూడా చూసుకోవాలి. మామూలుగా అక్కడ వాపసుకు 30 రోజులు ఇస్తారు. పండుగల కోసం నవంబరు, డిసెంబరుల్లో కొన్నవాటిలో చాలావాటికి ఇటీవలి సంవత్సరాల్లో జనవరి 31 వరకు సమయం ఇస్తున్నారు. సీమంతానికి అమెరికాలోని తెలుగువాళ్లు పెట్టుకునే బేబీ రిజిస్ట్రీలో, అంటే కాబోయే తల్లి తనకు కావలసినవి ముందే రాసి ఉంచే జాబితాలో కొన్నవాటికి గడువు మరింత ఎక్కువ. ఎక్కువ వస్తువులను 365 రోజుల దాకా వెనక్కి ఇవ్వవచ్చు.

అయితే దాచిన ధర ఎప్పటికీ దాగి ఉండదు. వాపసు చేసిన క్షణాన గిఫ్ట్ కార్డులో 60 డాలర్లు పడతాయి, ధర బయటపడుతుంది. 80 డాలర్ల వస్తువని అనుకున్న అమ్మాయికి 60 కనబడితే పిన్నిని తప్పుపట్టాల్సిన పని లేదు. వాపసు ఎప్పుడూ కట్టిన సొమ్ముకే ఇస్తారు. గిఫ్ట్ రిసీట్ వస్తువు వాడుకునేవాళ్లకు ధర చెప్పదు, వెనక్కి ఇచ్చేవాళ్లకు చెప్పి తీరుతుంది. అది లేకుండా అక్కడి దుకాణానికి వెళ్తే ఇంకా నష్టం. చాలా దుకాణాలు ఆ వస్తువు ఈమధ్య అమ్ముడైన అతి తక్కువ ధరనే లెక్కగడతాయి.

ఇక మన దగ్గరికి వస్తే ఈ పద్ధతి మొదటి మెట్టులోనే తడబడుతుంది. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం, ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అన్ని పన్నులు కలిపిన గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయాలి. ఆ అంకెను చెరపడానికి గానీ, పూసి కప్పడానికి గానీ, మార్చడానికి గానీ అమ్మకందారుకు హక్కు లేదు. కొనేవాడిని కాపాడడానికి పెట్టిన మంచి నియమం అది. బహుమతి పంపేవాడికి మాత్రం అదే అడ్డం వస్తుంది. పెట్టెలో బిల్లు లేకుండా జాగ్రత్తపడినా, డబ్బా పక్కన ఎంఆర్‌పీ కనబడుతూనే ఉంటుంది.

పైగా కనబడేది అసలు ధర కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు తెనాలిలో ఉన్న తల్లికి మిక్సీ పంపాడనుకుందాం. ఆన్‌లైన్‌లో అతను కట్టింది 3,600 రూపాయలు, డబ్బా మీద ఉన్నది 5,999. తల్లి ఫోన్ చేసి, "ఆరువేలు పోసి మిక్సీ ఎందుకురా, పాతది తిరుగుతూనే ఉందిగా" అంటుంది. దాచాలనుకున్న ధర దాగలేదు సరికదా, కట్టని సొమ్ము కూడా అతని లెక్కలో పడింది. ఇలాంటి చోట ధర దాచడంకన్నా, తగ్గింపులో కొన్నానని ముందే చెప్పడం నయం.

మూడో రోజున ఆ మిక్సీ జారు మూత పగిలి ఉందని తెలిసింది. ఇక్కడ తల్లికి విడిగా తలుపు ఏదీ లేదు. మన దేశంలో ఎక్కువ చోట్ల వాపసు ప్రక్రియ ఆర్డర్ పెట్టిన ఖాతా నుంచే మొదలుకావాలి, డబ్బు ఎలా కట్టారో ఆ దారినే తిరిగి పోవాలి. కాబట్టి తల్లి ముందు కొడుక్కి చెప్పాలి. అతను తన ఫోన్‌లో ఆ ఆర్డర్ తెరిచి, కారణం రాసి, మార్పిడి కోరాలి. ఇలాంటి గృహోపకరణాలకు తరచుగా డబ్బు వాపసు ఇవ్వరు, అదే వస్తువును మార్చి ఇస్తారు. గడువు కూడా వారం, పది రోజులే ఉండవచ్చు. వస్తువు పేజీలోనే అది రాసి ఉంటుంది, కొనే ముందే చదవాలి. కొడుకు అమెరికాలో ఉంటే పగలు రాత్రుల తేడాతోనే ఇందులో రెండు మూడు రోజులు పోతాయి.

తీసుకెళ్లే చిరునామా, ఫోన్ నంబరు తెనాలివేనా అని అతను మరోసారి చూడాలి. తన నంబరు పెడితే వచ్చిన మనిషి హైదరాబాద్‌కు ఫోన్ చేస్తాడు, తల్లికి కబురు అందేలోగా వెళ్లిపోతాడు. వచ్చినవాళ్లు గుమ్మంలోనే మోడల్, విడిభాగాలు, డబ్బా సరిచూస్తారు. ఒక్క జారు లోపలే ఉండిపోయినా, పెట్టెను పాతసామాన్లవాడికి ఇచ్చేసినా తీసుకోకపోవచ్చు. అందుకే మిక్సీ వెళ్లే రోజునే, వారంపాటు డబ్బా పారేయవద్దని, తెరిచేటప్పుడు పక్కింటి పిల్లలతో వీడియో తీయించమని అమ్మకు చెప్పి ఉంచాలి.

చీరల సంగతి మరీ సున్నితం. పెట్టుబడి చీర మీద ధర కనబడకూడదని చాలామంది దుకాణంలోనే చీటీ మొత్తం తెంపించేస్తారు. దానితోపాటే బార్‌కోడ్ పోతుంది, మార్చుకునే దారి మూసుకుపోతుంది. సాధారణంగా బిల్లు, చీటీ ఉంటేనే గడువులోగా మార్పిడికి ఒప్పుకుంటారు, అదీ నగదుకు కాదు, మరో వస్త్రానికే. బిల్లు చెల్లించాక ధర ఉన్నంత మేర చిన్న కాగితం అంటించి, బార్‌కోడ్‌ను కదపకుండా ఉంచడం మేలు. బిల్లు ఇచ్చినవారి దగ్గరే ఉంచుకుని, దాని నంబరు, తేదీ తీసుకున్నవారికి చెబితే సరిపోతుందా అని కౌంటర్ దగ్గరే అడగాలి. తీసుకున్నవారు కూడా తేల్చుకోకముందే తొందరపడకూడదు. ఫాల్ కుట్టించాక, జాకెట్టు ముక్క కత్తిరించాక ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు.

వారంటీ దగ్గర ధర మళ్లీ తలెత్తుతుంది. ఏడాది తర్వాత మిక్సీ మోటారు కాలితే సర్వీస్ సెంటర్‌వాళ్లు కొన్న తేదీ కోసం బిల్లు అడుగుతారు. అది కొడుకు ఖాతాలో ఉంటుంది. ధర కొట్టేసిన బిల్లు పంపితే అనుమానించి తిప్పిపంపవచ్చు. ధర తల్లి కంటపడకూడదనుకుంటే, కొడుకే కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, బిల్లు నేరుగా వారికి పంపడం సులువు.

నచ్చకపోవడం వేరు, లోపం ఉండడం వేరు. రంగు నచ్చలేదంటే అమ్మినవాడి షరతులే దిక్కు. కానీ వస్తువు పాడైనదో, నకిలీదో, ప్రకటనలో చెప్పినట్టు లేనిదో అయితే ఆన్‌లైన్ అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. బహుమతి అందుకున్నవారికి తెలియాల్సిన మరో మాట 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. డబ్బు కట్టినవారే కాదు, వారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులే. అంటే తెనాలి తల్లి కొడుకు పేరు వెనక నిలబడనక్కరలేదు, తానే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. ఫోన్ చేసే ముందు కొడుకు దగ్గరి నుంచి ఆర్డర్ నంబరు, బిల్లు కాపీ తెప్పించుకుని, పగిలిన మూత ఫొటోలు, వాపసు కోరిన తేదీ, దానికి కంపెనీ ఇచ్చిన జవాబు దగ్గర పెట్టుకోవాలి.