జీడిపప్పు టిన్ను కొనేముందు

దసరా దగ్గర పడితే జీడిపప్పు అమ్మకాలు ఊపందుకుంటాయి. చిల్లరగా పావుకిలో చొప్పున కొనేకంటే పది కిలోల టిన్ను కొంటే కిలోకు చాలా కలిసొస్తుందని దుకాణదారు చెబుతాడు. ఆ మాట నిజమే. అయితే కలిసొచ్చిన డబ్బు ఇంట్లో నిలవాలంటే మూడు సంగతులు తెలియాలి: టిన్ను మీది అంకె ఏం చెబుతోంది, పప్పు తాజాగా ఉందా, మన ఇంటికి ఎంత సరిపోతుంది.

ముందు అంకె సంగతి. పలాసలో పప్పు ఒలిచాక గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేస్తారు. విరగని తెల్ల గుండ్లను మళ్లీ పరిమాణాన్ని బట్టి విడదీస్తారు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనేవి ఆ రకాలే. ఒక పౌను బరువుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. దీన్ని మనమే సరిచూసుకోవచ్చు. 100 గ్రాములు తూచి లెక్కపెడితే 240 రకంలో 50కి అటూఇటూగా, 320 రకంలో 70కి కాస్త అటూఇటూగా గుండ్లు రావాలి. 240 అని అమ్మిన పప్పులో 65 వస్తే మనం పెద్ద గుండు ధర పెట్టి చిన్న గుండు కొన్నట్టే. తూచే పప్పును పైనుంచి కాక టిన్ను అడుగునుంచి తీయించాలి. విరిగిన పప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

అంకె చెప్పేది పరిమాణమే, రుచి కాదు. పాయసంలో తేలడానికి, అతిథికి పళ్లెంలో పెట్టడానికి పెద్ద గుండు కావాలి. రుబ్బి కూరలో కలపడానికీ, కాజూ బర్ఫీకీ బద్దలు, ముక్కలు చాలు. అయితే ముక్కలు చవకని ఎక్కువగా తెచ్చి నిల్వ చేయకూడదు. విరిగినచోటల్లా లోపలి నూనెకు గాలి తగులుతుంది కనుక గుండుకంటే ముక్క ముందుగా పాడవుతుంది. నిల్వకు గుండ్లు, వెంటనే వాడుకకు ముక్కలు తీసుకోవడం మంచిది.

పాడవడమంటే పురుగు పట్టడం ఒక్కటే కాదు. జీడిపప్పు బరువులో దాదాపు సగం కొవ్వే. దానికి గాలి, వేడి, వెలుతురు తగిలేకొద్దీ పప్పు ముక్కిపోతుంది. కంటికి మాత్రం బాగానే కనబడుతుంది. అందుకే నాలుగు గుండ్లు అరచేతుల మధ్య రుద్ది, వెచ్చబడగానే వాసన చూడాలి. తాజా పప్పుకు తియ్యటి, పాలలాంటి వాసన ఉంటుంది. పాత నూనె వాసనో, రంగు డబ్బా వాసనో వస్తే కొనవద్దు. తర్వాత ఒక గుండు విరవాలి. తాజాది ఫట్‌మని విరుగుతుంది. చెమ్మ పట్టినది వంగి మెత్తగా తెగుతుంది. చివరగా నెమ్మదిగా నమలాలి. మింగాక గొంతులో చేదు మిగిలితే అది ముక్కిన పప్పే. నేతిలో ఎంత వేయించినా ఆ చేదు పోదు, పైగా పాయసమంతటికీ పడుతుంది. కాల్చేటప్పుడు వేడెక్కి కాస్త గోధుమరంగుకు తిరిగిన పప్పును మాత్రం పాడైనదనుకోవద్దు. వాసన, రుచి బాగుంటే తక్కువ ధరకు దొరికే మంచి సరుకే అది.

ఇక ఎంత కొనాలి? చిల్లర ధర కిలో 900, టిన్ను ధర కిలో 820 రూపాయలు అనుకుందాం. పది కిలోల మీద ఆదా 800. అందులో ఒక్క కిలో ముక్కిపోతే 820 పోతుంది, అంటే ఆదా అంతా తుడిచిపెట్టుకుపోయినట్టే. నలుగురున్న ఇంట్లో నెలకు 300 గ్రాములు వాడతారనుకుంటే మూడు నెలలకు 900 గ్రాములు. దసరా, దీపావళి పిండివంటలకు మరో 600. మొత్తం కిలోన్నర. ఆ ఇంటికి పది కిలోల టిన్ను ఏడాదిన్నరకు పైగా సరిపోయే సరుకు, కాబట్టి కొనకూడదు. అదే ఆరు కుటుంబాలు కలిసి కొంటే తలా కిలోన్నర పోగా ఇంకో కిలో మిగులుతుంది. దాన్నీ పంచుకుంటే టిన్ను ధరా దక్కుతుంది, సరుకూ పాడవదు.

టిన్నులో గాలి తీసేసి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. మూత తీసిన రోజునుంచే పప్పు వయసు లెక్కలోకి వస్తుంది. అందుకే తెరిచిన రోజే పంచుకోవాలి. నెలకు సరిపడా సీసాలో పోసి, మిగతాది గాలి చొరని డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. బయటికి తీసిన డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు. తీస్తే చల్లటి పప్పు మీద గాలిలోని చెమ్మ చేరుతుంది.

ఇదే లెక్క అక్రోటు పప్పుకు వేసేటప్పుడు మూడు నెలలను ఒక నెలకు తగ్గించుకోవాలి. దానిలోని కొవ్వు జీడిపప్పు కొవ్వుకంటే చాలా త్వరగా ముక్కిపోతుంది. కిస్‌మిస్, ఖర్జూరాల్లో కొవ్వు దాదాపు ఉండదు కనుక వాటికి ఈ బెడద లేదు. వాటి విషయంలో చూడాల్సింది చెమ్మ, బూజు, పురుగు.