ఉంగరాన్ని ఊపేది ఎవరు?

హఫీజ్‌పేట్‌లో ఒక తల్లి, కుమార్తెకు వచ్చిన సంబంధం మంచిదా కాదా అని దారానికి ఉంగరం కట్టి అడిగింది. గుండ్రంగా తిరిగితే ‘అవును’, అటూ ఇటూ ఊగితే ‘కాదు’. అది ‘కాదు’ అన్నది. “నా చెయ్యి కదల్లేదు, మౌలానా సాబ్!” అని ఆమె నాతో చెప్పింది.

ఆమె అబద్ధమాడలేదు. లోలకం పట్టేవారంతా ఇదే అంటారు. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌ కూడా తన చేతిలో అది ఊగడం చూసి ఆశ్చర్యపోయాడు. చేతికి భుజం నుంచి వేళ్ళ దాకా ఒక్కో చోట ఆనిక పెడుతూ వచ్చాడు. ఆనిక వేళ్ళకు దగ్గరయ్యేకొద్దీ ఊపు తగ్గి, చివరకు ఆగిపోయింది. ఈ పరీక్షలను 1833లో ప్రకటించాడు. మనసులోని ఊహ మనకు తెలియకుండానే కండరాలను సన్నగా కదిలిస్తుంది. పొడవాటి దారం ఆ కదలికను పెంచి చూపుతుంది. ‘ఆత్మలు రాయిస్తున్నాయి’ అంటూ కలం దానంతటదే నడిచిందనుకునేవారి విషయంలోనూ శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఇదే.

నేను ఆ ఇంట రెండు గిన్నెలు బోర్లించాను. కుమారుడు ఒకదాని కింద నాణెం దాచి బయటకు వెళ్ళాడు. తల్లి ఉంగరంతో వెతికింది. పదిసార్లలో నాలుగుసార్లే దొరికింది. కళ్ళు మూసుకుని ఊహించినా అంతే వచ్చేది.

అగోచర జ్ఞానం అల్లాహ్‌దే. ఇస్తిఖారా దుఆ మాత్రమే, జవాబు చెప్పే పరికరం కాదు. అయితే ఆ ‘కాదు’ ఎక్కడిది? అబ్బాయి దుబాయి వెళ్తే అమ్మాయి దూరమవుతుందని తల్లి భయం. ఆ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మరునాడు అబ్బాయి తండ్రినే నేరుగా అడిగింది.