ఫోన్ గేమ్ తడబాటు వెనుక మిల్లీసెకన్ల లెక్క

ఎదుటివాడు కనబడతాడు. తుపాకీ అటు తిప్పేలోపు తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి మన ఆటగాడు నేల మీద పడి ఉంటాడు. బీజీఎంఐ ఆడేవాళ్లు దీన్ని ‘ల్యాగ్ కొట్టింది’ అంటారు. నెట్ బాగాలేకపోయినా, ఫోన్ తట్టుకోలేకపోయినా వాడేది ఈ ఒక్క మాటే. అందుకే చాలామంది తప్పు ఫోన్‌లో ఉంటే డేటా ప్యాక్ మారుస్తారు, తప్పు నెట్‌లో ఉంటే గ్రాఫిక్స్ తగ్గించుకుంటారు.

ఏది ఏదో తేల్చుకోవడం తేలికే. ఆటలో ఎవరూ లేని చోట నిలబడి, వేలితో చూపును మెల్లగా చుట్టూ తిప్పండి. చూపు తిప్పడానికి సర్వర్ జవాబు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, అదంతా ఫోన్‌లోనే జరుగుతుంది. అలా తిప్పినప్పుడు కూడా దృశ్యం కుదుపులతో కదిలితే తప్పు ఫోన్‌దే. చూపు నున్నగా తిరుగుతూ, శత్రువులు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంటే అది నెట్‌వర్క్ సమస్య. పింగ్ అంకె కూడా అప్పుడు పెరిగి కనిపిస్తుంది. ఇక్కడ చెప్పుకునేది మొదటి రకం గురించి.

ఆటలో కదలిక అంటే వరుసగా వచ్చే బొమ్మలు. ఒక్కో బొమ్మను ఒక ఫ్రేమ్ అంటారు. ఫోన్‌లోని ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ కలిసి సెకనుకు ఎన్ని ఫ్రేములు తయారు చేస్తే అది ఫ్రేమ్ రేటు. తెర సెకనుకు ఎన్నిసార్లు తన బొమ్మను కొత్తగా వేసుకుంటుందో అది రిఫ్రెష్ రేటు, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. బొమ్మ తయారు చేసేవారు ఒకరు, చూపించేవారు ఇంకొకరు. ఈ ఇద్దరి వేళలు కుదరనప్పుడే మన కంటికి కుదుపు తెలుస్తుంది.

60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. దీన్ని వేళ తప్పని బస్సు అనుకోండి. ఫ్రేమ్ 14 మిల్లీసెకన్లలో సిద్ధమైతే బస్సు అందుతుంది. 18 మిల్లీసెకన్లు పడితే బస్సు వెళ్లిపోయి ఉంటుంది, తర్వాతి బస్సు దాకా ఆగాల్సిందే. అంతవరకు తెర మీద పాత బొమ్మే ఉంటుంది. అంటే ఫ్రేమ్ ఆలస్యం ఒక మిల్లీసెకను పైచిలుకే అయినా, కంటికి పాత బొమ్మ 33.3 మిల్లీసెకన్లు కనబడుతుంది. ఫ్రేమ్ డ్రాప్ అంటే ఇదే.

సగటు అంకెలు ఈ విషయాన్ని దాచేస్తాయి. ఒక సెకనులో ఒకే ఒక్క ఫ్రేమ్ నాలుగు వేళల పాటు తెర మీద ఉండిపోయి, మిగతావన్నీ సకాలంలో వచ్చాయనుకుందాం. లెక్కకు 57 ఎఫ్‌పీఎస్ వస్తుంది, చూడ్డానికి మంచి అంకే. కానీ ఆ ఒక్కచోట దృశ్యం దాదాపు 67 మిల్లీసెకన్లు కదలకుండా ఉంటుంది. ఆడేవాడికి గుర్తుండేది ఆ కుదుపే.

14 మిల్లీసెకన్లలో అయ్యే పని 18కి ఎందుకు పాకుతుంది? అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం వేడి. మామూలు ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. చిప్‌లో పుట్టిన వేడి ఒంటి మీదుగానే బయటికి పోవాలి. అది పోయే వేగం కంటే పుట్టే వేగం ఎక్కువైతే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి చిప్ వేగాన్ని తగ్గిస్తుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అందుకే మొదటి మ్యాచ్‌లో నున్నగా నడిచిన ఆట రెండో మ్యాచ్‌లో తడబడుతుంది. మే నెలలో విజయవాడలో చార్జర్ పెట్టుకుని, మందపాటి కవర్ తీయకుండా, తెర వెలుగు పూర్తిగా పెంచి ఆడితే ఇది ఇంకా ముందే మొదలవుతుంది. చార్జింగ్ బ్యాటరీని వేడెక్కిస్తుంది, కవర్ ఆ వేడిని బయటికి పోనివ్వదు.

వేడితో సంబంధం లేని తడబాట్లూ ఉన్నాయి. ఎప్పుడూ పొగ బాంబులు పేలినప్పుడో, నలుగురైదుగురు ఒకేచోట కాల్చుకుంటున్నప్పుడో మాత్రమే కుదుపు వస్తే అది పని భారం. పొగ పారదర్శకమైన పొరలు పొరలుగా ఉంటుంది, ఒకే చోటును గ్రాఫిక్స్ చిప్ మళ్లీ మళ్లీ గీయాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఆటలో గ్రాఫిక్స్ నాణ్యత తగ్గిస్తే ఫలితం ఉంటుంది.

ఇక రిఫ్రెష్ రేటు సెట్టింగ్ సంగతి. తెరను 120 హెర్ట్జ్‌కు మార్చినంత మాత్రాన 40 ఫ్రేముల ఆట 120 ఫ్రేములది అయిపోదు. తెర కొత్త బొమ్మలను తయారు చేయదు. అయినా తేడా కనబడుతుంది. 120 హెర్ట్జ్ తెర ప్రతి 8.3 మిల్లీసెకన్లకు మారుతుంది కాబట్టి, 18 మిల్లీసెకన్లు పట్టిన ఫ్రేమ్ 33.3 దాకా ఆగక్కర్లేదు, 25వ మిల్లీసెకనుకే తెర మీదికి వస్తుంది. ఆలస్యం ఆలస్యమే కానీ, దాని మీద పడే జరిమానా తగ్గుతుంది.

దీనికంటే ముఖ్యమైనది అంకెల పొంతన. బీజీఎంఐలో Ultra ఎంచుకుంటే 40 ఫ్రేములు, అంటే 25 మిల్లీసెకన్లకు ఒకటి. 60 హెర్ట్జ్ తెర మీద 25 అనే వేళే లేదు. కాబట్టి ఒక బొమ్మ 33.3 మిల్లీసెకన్లు, తర్వాతిది 16.7, మళ్లీ 33.3, ఇలా ఎగుడుదిగుడుగా కనబడతాయి. ఫోన్ ఒక్క ఫ్రేమ్ కూడా ఆలస్యం చేయకపోయినా చూపు తిప్పితే గరుకుగా ఉంటుంది. అదే 120 హెర్ట్జ్ మీద ప్రతి బొమ్మకూ సరిగ్గా మూడు వేళలు దక్కుతాయి, కదలిక సమంగా సాగుతుంది. 90 హెర్ట్జ్ ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ 60 ఫ్రేముల ఆట ఒక బొమ్మను ఒక వేళ, తర్వాతి బొమ్మను రెండు వేళలు చూపాల్సి వస్తుంది. అలాంటి ఫోన్‌లో ఆట 60 దగ్గరే ఆగుతుంటే తెరను 60 హెర్ట్జ్‌కు దించడమే మేలు. పెద్ద అంకె ఎప్పుడూ మంచిదనుకునేవారు ఈ మాట నమ్మరు, కానీ మార్చి చూస్తే కళ్లకే తెలుస్తుంది.

చాలా ఫోన్లు ఆట తెరవగానే రిఫ్రెష్ రేటును తామే మార్చేస్తాయి. సెట్టింగ్స్‌లో మీరు పెట్టిన అంకె ఆటలో నడుస్తోందో లేదో సరిచూసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో Build number మీద ఏడుసార్లు తడితే Developer options తెరుచుకుంటుంది, ఈ మధ్య వచ్చిన ఫోన్లలో అందులో Show refresh rate అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర మూలన ఒక అంకె కనబడుతుంది. అది తెర అంకె మాత్రమే, ఆట ఫ్రేమ్ రేటు కాదు. రెంటినీ ఒకటనుకోవద్దు.

నా సలహా ఇది. 60 హెర్ట్జ్ తెర అయితే ఆటలో 60 లేదా 30 ఎంచుకోండి, 40 జోలికి పోవద్దు. 120 హెర్ట్జ్ అయితే తెరను అక్కడే ఉంచి, 60 నిలబడకపోతే ఆటను 40కి దించండి. అప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కు 25 మిల్లీసెకన్ల గడువు దొరుకుతుంది, చిప్ తక్కువ వేడెక్కుతుంది. తడబడే 60 కంటే నిలకడైన 40 మీద గురి బాగా కుదురుతుంది. ఏ సెట్టింగ్ ఎంచుకున్నా మొదటి ఐదు నిమిషాలు చూసి తీర్పు చెప్పకండి, ఫోన్ వేడెక్కేదాకా అరగంట ఆడి అప్పుడు తేల్చుకోండి.