నంబరు నిజమైనదే, మనిషే కాదు

వాట్సాప్‌లో మనల్ని అడగకుండానే ఒక గ్రూపులో చేరుస్తారు. దాని పేరు ఏదో పెద్ద బ్రోకరేజీ సంస్థదిలా ఉంటుంది. పొద్దున్నే ‘సార్’ ఒక షేరు పేరు చెబుతాడు. సాయంత్రానికి సభ్యులు లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టి ఆయనకు దండాలు పెడుతుంటారు. ఆ దండాలు పెట్టేవాళ్లలో చాలామంది ముఠా మనుషులే. ఎవరైనా అనుమానంతో ఒక ప్రశ్న వేస్తే, కాసేపటికి వాళ్లు గ్రూపులో ఉండరు.

సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారు రాబడికి హామీ ఇవ్వకూడదు. కాబట్టి లాభం ఖాయమన్న మాట వినగానే బయటికి వచ్చేయవచ్చు. 2023 అక్టోబరులో ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో ప్రసిద్ధుడైన నసీరుద్దీన్ అన్సారీపై సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. శిక్షణ పేరుతో, రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలు అమ్మి 17 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేశారని అందులో పేర్కొంది. భారీ లాభాలు చెప్పి జనాన్ని పిలిచిన ఆయన, సొంత ట్రేడింగులో రెండున్నరేళ్లలో దాదాపు 3 కోట్లు పోగొట్టుకున్నారని కూడా లెక్క తేల్చింది.

రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మోసగాడు తడబడతాడనుకోవడం పొరపాటు. సర్టిఫికెట్ ఫొటోయే పంపిస్తాడు. పెట్టుబడి సలహాదారుల నంబరు INAతో, రీసెర్చ్ అనలిస్టులది INHతో మొదలవుతుంది. ఆ తర్వాత తొమ్మిది అంకెలు. అది నిజమైన నంబరే కావచ్చు, వేరొకరిది. అందుకే sebi.gov.in తెరిచి, Recognised Intermediaries జాబితాలో ఆ నంబరు వెతకాలి. పేరు కనిపించిందని ఆగిపోకూడదు. అక్కడున్న ఈమెయిల్‌నో ఫోన్ నంబరునో సంప్రదించి, ‘ఈ గ్రూపు మీదేనా?’ అని అడగాలి. గ్రూపులో ఇచ్చిన నంబరుకే ఫోన్ చేస్తే ఎత్తేది ఆ ముఠాయే.

డబ్బు ఎటు వెళ్తుందన్నది ఇంకా గట్టి పరీక్ష. అసలు సలహాదారు తీసుకునేది ఫీజు మాత్రమే. పెట్టుబడి సొమ్ము ఆయన చేతికి రాదు. మదుపరి తన డీమ్యాట్ ఖాతా ఉన్న బ్రోకరు ద్వారా తానే షేర్లు కొనుక్కుంటాడు. గ్రూపువాళ్లు మాత్రం లింకు పంపి ఒక యాప్ ఎక్కించుకోమంటారు, ‘విదేశీ సంస్థల కోటాలో తక్కువ ధరకే షేర్లు’ అంటూ ముక్కూమొహం తెలియని ఖాతాల్లో డబ్బు వేయిస్తారు. విదేశీ మదుపరుల మార్గం ఇక్కడ నివసించే భారతీయులకు లేదని సెబీ 2024లోనే హెచ్చరించింది.

ఆ యాప్‌లో లక్ష పెడితే పది రోజుల్లో మూడు లక్షలు కనిపించవచ్చు. అవి తెరమీది అంకెలే. నిజంగా షేర్లు కొని ఉంటే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో ఉండాలి; అందులో లేకపోతే కొననట్టే. డబ్బు వెనక్కి అడిగినప్పుడు ముందుగా పన్ను కట్టమంటారు. షేర్ల లాభంపై పన్ను కట్టేది ఆదాయపన్ను శాఖకు, యాప్‌వాళ్లకు కాదు. ఆ మాట వచ్చిన క్షణమే ఇంకో రూపాయి పంపకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, సొమ్ము ఖాతాలు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.