అమ్మా, మాత్ర సరే... తింటివా?

మిరప కోతలొస్తే మా కోసిగి, పెద్దకడుబూరు పక్క ఊర్లు సగం ఖాళీ. వయసులో ఉన్నోళ్లు గుంటూరు పక్కకు పోతారు, ఇంటికాడ ముసలోళ్లు మిగులుతారు. మా అమ్మా అట్ల మిగిలే మనిషే, చక్కెర జబ్బు ఉండాది. చిన్నప్పుడు బడి నుంచి రాంగానే "తింటివా?" అనేది. ఇప్పుడు ఆ మాట ఫోన్లో నేనడుగుతాండా. మాత్ర సంగతి రెండో మాట. ఎందుకో చెప్తా.

చక్కెర మాత్రలన్నీ ఒక తీరువి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అట్ల కాదు, మనిషి తిన్నా తినకున్నా ఒంట్లో ఇన్సులిన్ వదిలిస్తాది. రెండూ కలిసిన మాత్ర శానామందికి రాస్తారు, అందుకే పట్టీ వెనక పేర్లు చదవాల. వయసు మీదపడితే కిడ్నీలు నెమ్మదిస్తాయి, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాది. పైగా తన ఒక్కదాని కోసం అమ్మ పొయ్యి ముట్టించదు. నిన్నటి సంగటిలో సగం ముద్ద, ఇంత మజ్జిగ, అంతే. మాత్ర మాత్రం తప్పకుండా ఏసుకుంటాది, కొడుకు అడుగుతాడని.

పోయిన మాఘంలో ఒక తెల్లారి పక్కింటక్క ఫోన్ చేసింది. "మీయమ్మ తిక్కతిక్కగా మాట్లాడుతాంది, నన్నే గుర్తుపట్టల్యా" అనింది. అంత చలిలో ఒళ్లంతా చెమట. గాలి సోకిందని ఒకరు, పక్షవాతమని ఒకరు. ముసలోళ్లకు చక్కెర పడితే వణుకు, ఆకలి కంటే ముందు ఈ తికమకే కనపడొచ్చు. ఇంట్లో ఉన్న మిషన్‌తో వేలు పొడిచి చూస్తే 52. 70 కంటే దిగితే తక్కువ కిందే లెక్క. మిషన్ లేకుంటే అనుమానం మీదనే చక్కెర ఇయ్యాల.

మనిషి మింగగలిగితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లల్లో కలిపి తాపాల. పావుగంట ఆగి మళ్లీ చూడాల, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. తేరుకున్నాక బువ్వ పెట్టాల. ముందే రొట్టె పెడితే అది అరిగేసరికి ఆలస్యమైతాది. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. వెంటనే 108కు ఫోన్ చేయాల.

పావుగంటకల్లా మా అమ్మ ఫోన్లో నన్ను పేరుపెట్టి తిట్టింది. అయినా ఆసుపత్రికి పంపించినాం. ఈ మాత్ర రోజంతా పనిచేస్తాది, గంటల తర్వాత చక్కెర మళ్లీ పడొచ్చు. అక్కడ ఒక రాత్రి పెట్టుకొని చూసి, డాక్టరు మందు తగ్గించినాడు. పెద్దవయసులో, వేరే జబ్బులు కూడా ఉంటే, మూడు నెలల సగటును 7కు దింపాలని పట్టుపట్టరు, 8 లోపుంటే చాలంటారు. మందు తగ్గించేదీ ఆపేదీ మన సొంతానికి చేయొద్దు. తినని పూట మాత్ర ఏం చేయాలో మాత్రం డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోవాల.

"తిన్నా" అని అబద్ధం చెప్పేది మా అమ్మకు అలవాటే. అందుకే ఏం కూర, ఎన్ని ముద్దలు అని అడుగుతా. "నీకు ముద్దలు తినిపిచ్చిన దాన్ని, నాకే లెక్కలా?" అంటాది. అంటూనే చెప్తాది.