ముక్కకూ ముక్కకూ మధ్య ప్లాస్టిక్ పోగులు

గోడకు బిగించే చిన్న కొక్కేలు నాలుగింటిని త్రీడీ ప్రింటర్‌లో ఒకేసారి పెట్టారనుకుందాం. ఒక్కోటి 20 మిల్లీమీటర్ల ఎత్తు, పొర మందం 0.2 మిల్లీమీటర్లు. అంటే 100 పొరలు. యంత్రం మొదటి కొక్కేన్ని పూర్తిచేశాక రెండోదాని జోలికి పోదు. నాలుగింటికీ ఒక్కో పొర వేసి, మళ్లీ నాలుగింటికీ ఇంకో పొర వేస్తుంది. పొరకు మూడుసార్ల చొప్పున వేడి నాజిల్ 300 సార్లు ఖాళీ గాలిలో ఒక ముక్క మీదినుంచి ఇంకో ముక్క మీదికి పోవాలి. అలా పోయే ప్రతిసారీ దాని కడుపులో కరిగిన ప్లాస్టిక్ ఉంటుంది. పని అయ్యాక చూస్తే కొక్కేల మధ్య సన్నటి పోగులు అల్లుకుపోయి ఉంటాయి. ఈ పని చేసేవాళ్లు దాన్ని స్ట్రింగింగ్ అంటారు.

అరిసెల పాకంలో ముంచిన గరిటెను పైకెత్తి పక్కకు తీస్తే తీగ సాగుతుంది కదా, ఇక్కడా అంతే. నాజిల్ ఒక ముక్కను వదిలి కదిలేటప్పుడు దాని మూతిని అంటుకున్న ప్లాస్టిక్ సాగి, గాలికి చల్లారి పోగవుతుంది. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. లోపల మిగిలిన ఒత్తిడి వల్ల, బరువు వల్ల నాజిల్ దానంతటదే కొద్దికొద్దిగా కారుతుంది. దాన్ని ఊజింగ్ అంటారు. కారిన బొట్టు అవతలి ముక్క అంచుకు తగిలి చిన్న మొటిమలా అతుక్కుంటుంది. పోగూ మొటిమా సాధారణంగా ఒకే చోట కనిపిస్తాయి. పోగు మొదలైన చోట లోపం ఒకటి, అది ముగిసిన చోట లోపం ఇంకొకటి.

దీనికి మందు రిట్రాక్షన్. నాజిల్ ఒక ముక్కను వదిలే ముందు ఎక్స్‌ట్రూడర్ పళ్లచక్రాలు వెనక్కి తిరిగి ఫిలమెంట్‌ను కొంచెం పైకి లాగుతాయి. అవతలి ముక్క దగ్గరికి చేరాక లాగినంతా మళ్లీ కిందికి తోస్తాయి. యంత్రానికి అందే ఆదేశాలు ఇలా ఉంటాయి:

```
M83
G1 E-0.8 F1800
G0 X80 Y40 F9000
G1 E0.8 F1800
```

రెండో వరుసలో 0.8 మి.మీ. వెనక్కి లాగడం, మూడో వరుసలో ప్రయాణం, నాలుగో వరుసలో తిరిగి తోయడం. ఇక్కడ F నిమిషానికి లెక్క. 1800 అంటే సెకనుకు 30 మి.మీ. చాలామంది అపోహ పడేది ఇక్కడే. రిట్రాక్షన్ కరిగిన ప్లాస్టిక్‌ను నాజిల్‌లోంచి ఖాళీ చేయదు. దాని మీది ఒత్తిడిని మాత్రమే తీసేస్తుంది. ఒత్తిడి పోయాక ఇంకా ఎంత లాగినా పోగులు తగ్గవు, వేరే తంటాలు మొదలవుతాయి.

ఎంత లాగాలన్నది పళ్లచక్రాలు ఎక్కడున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. బౌడెన్ రకం ప్రింటర్లలో అవి యంత్రం చట్రానికి బిగించి ఉంటాయి. అక్కడినుంచి ఫిలమెంట్ పొడవాటి గొట్టంలో ప్రయాణించి నాజిల్‌కు చేరుతుంది. గొట్టం లోపల కాస్త వదులు, ఫిలమెంట్‌లో కాస్త వంపు ఉంటాయి. లాగినదాంట్లో చాలా భాగం ఆ వదులు సరిచేయడానికే సరిపోతుంది. అందుకే అక్కడ 4 నుంచి 6 మి.మీ. దాకా లాగుతారు. డైరెక్ట్ డ్రైవ్‌లో చక్రాలు నాజిల్ నెత్తినే కూర్చుంటాయి. వదులు దాదాపు లేదు కాబట్టి లాగినంతా నేరుగా పనిచేస్తుంది. ప్రూసా ఎంకే3కి వాళ్లు ఇచ్చిన అమరిక 0.8 మి.మీ.; బాంబూ ల్యాబ్ ప్రింటర్లలోనూ మామూలుగా కనిపించేది అదే 0.8.

ఇంత చిన్న అంకె చాలా అని అనుమానం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. 1.75 మి.మీ. ఫిలమెంట్ అడ్డుకోత వైశాల్యం సుమారు 2.4 చదరపు మి.మీ. దాన్ని 0.8 మి.మీ. లాగితే 1.9 ఘనపు మి.మీ. ప్లాస్టిక్ వెనక్కి వచ్చినట్టు. 0.4 మి.మీ. నాజిల్ రంధ్రంలోంచి అంత ప్లాస్టిక్ బయటికొస్తే 15 మి.మీ. పొడవైన తీగ అవుతుంది. ఒక దూకుడులో కారే బొట్టును ఆపడానికి అది చాలు.

బౌడెన్ యంత్రం నుంచి డైరెక్ట్ డ్రైవ్‌కు మారినవాళ్లు పాత అమరికలోని 5 మి.మీ. అలాగే ఉంచేయడం తరచూ జరిగే పొరపాటు. హాటెండ్‌లో ప్లాస్టిక్ కరిగే భాగం పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దాని పైన హీట్‌బ్రేక్ అనే సన్నని మెడ, ఆ పైన చల్లటి భాగం. మెత్తబడిన కొసను 5 మి.మీ. పైకి లాగితే అది ఆ చల్లటి మెడలోకి చేరి, అక్కడ గట్టిపడి గోడకు పట్టేస్తుంది. లోహంతో చేసిన మెడలో ఈ బాధ మరీ ఎక్కువ. వి6 హాటెండ్ తయారుచేసిన ఈ3డీ సంస్థ 2 మి.మీ. దాటవద్దని హెచ్చరించింది ఇందుకే. లక్షణాలు గుర్తుపట్టడం తేలిక. ముక్క మళ్లీ మొదలయ్యే చోట గోడలో చిన్న గుంటలు పడతాయి, ఎక్స్‌ట్రూడర్ టక్ టక్‌మని చప్పుడు చేస్తుంది, గంటకో రెండు గంటలకో ప్లాస్టిక్ రావడం పూర్తిగా ఆగిపోతుంది. ఫిలమెంట్ బయటికి తీసి చూస్తే ఒకేచోట పళ్లు కొరికి పొడిచేసిన గుర్తు ఉంటుంది. చిన్న ముక్కల పనిలో దూకుళ్లు ఎక్కువ కాబట్టి అదే అంగుళం ఫిలమెంట్ చక్రాల మధ్య పదేపదే ముందుకూ వెనక్కూ నలుగుతుంది.

రిట్రాక్షన్ ముట్టుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది తేమ. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వానాకాలం రీలును బయట వదిలేస్తే కొద్దిరోజుల్లోనే పీఈటీజీ తడి పీల్చుకుంటుంది. ఆ తడి నాజిల్‌లో ఆవిరై ప్లాస్టిక్‌ను బయటికి నెడుతుంది. చిటపట శబ్దం, ఉపరితలం మీద బుడగల గరుకు దానికి సాక్ష్యం. ఆవిరి నెట్టేదాన్ని ఏ రిట్రాక్షనూ ఆపలేదు. పీఈటీజీని 65 డిగ్రీల దగ్గర 6 గంటలు, పీఎల్ఏని 45 నుంచి 50 డిగ్రీల మధ్య అంతే సేపు ఆరబెట్టాలి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌ను నమ్మకండి. చెప్పిన వేడి దాటిపోతే పీఎల్ఏ చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. రెండోది నాజిల్ వేడి. వేడి ఎక్కువైన కొద్దీ ప్లాస్టిక్ పలచబడి కారుతుంది. పొరల అతుకు చెడనంత వరకు 5 డిగ్రీల చొప్పున తగ్గించి చూడటం మంచిది.

ఇప్పుడు మన కొక్కేల సంగతి. పదార్థం ఆరబెట్టిన పీఈటీజీ, నాజిల్ 0.4, వేడి 245 నుంచి 235కి దించాం. పరీక్షకు రెండు సన్నటి స్తంభాలు చాలు, వాటి మధ్య 60 మి.మీ. ఎడం. ప్రతి 5 మి.మీ. ఎత్తుకు రిట్రాక్షన్ దూరం 0.2 పెరిగేలా, 0.2 నుంచి 1.4 దాకా ఏడు అంతస్తులుగా ప్రింట్ చేస్తారు. వేగం 30 దగ్గరే ఉంచాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల జరిగిందో తెలియదు. ఓర్కాస్లైసర్ లాంటి వాటిలో ఇలాంటి పరీక్ష సిద్ధంగానే దొరుకుతుంది.

ఫలితం సాధారణంగా ఇలా ఉంటుంది. అడుగున 0.2 దగ్గర లావుపాటి పోగులు. 0.4, 0.6 దగ్గర అవి వెంట్రుకల్లా సన్నబడతాయి. 0.8కి ఒకటో అరో మిగులుతుంది. 1.0 దానికంటే మెరుగ్గా ఏమీ ఉండదు. 1.2 నుంచి స్తంభం అంచున గుంటలు మొదలవుతాయి. ఎంచుకోవలసింది శుభ్రంగా వచ్చిన అంతస్తుల్లో అన్నిటికంటే చిన్న అంకె, అంటే 0.8. ఇంకాస్త ఉంటే మేలు కదా అని 1.0 పెట్టడం వల్ల లాభం లేదు. ఒకవేళ ఏడు అంతస్తులూ ఒకేలా పోగులతో వస్తే దూరంతో సంబంధం లేదని అర్థం. మళ్లీ తేమ దగ్గరికో వేడి దగ్గరికో వెళ్లాలి, అరిగిన నాజిల్‌నూ అనుమానించాలి.

తరవాత వేగం. నెమ్మదిగా లాగితే లాగుతుండగానే కొంత కారిపోతుంది. మరీ వేగంగా లాగితే పళ్లు జారి ఫిలమెంట్‌ను గీకుతాయి. 20, 30, 40, 60 అని నాలుగు అంకెలతో చూస్తే చాలు. అయితే చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. చక్రం నిలకడ నుంచి కదిలి, మళ్లీ ఆగాలి. దూరం 0.8 మాత్రమే కాబట్టి మొదటి 0.4లో వేగం పుంజుకుని తక్కిన 0.4లో తగ్గాలి. ఎక్స్‌ట్రూడర్ త్వరణం 1500 అయితే చేరుకోగల గరిష్ఠ వేగం:

```
sqrt(2 × 1500 × 0.4) ≈ 35 mm/s
```

తెర మీద 60 అని టైపు చేసినా యంత్రం ఇంచుమించు 35 దగ్గరే ఆగిపోతుంది. 40, 50, 60 మూడింటికీ ఒకే ఫలితం వస్తోందంటే కారణం ఇదే. మార్లిన్ ఫర్మ్‌వేర్ ఉన్న యంత్రాల్లో ఈ త్వరణం `M204 R1500` రూపంలో ఉంటుంది. దాన్ని పెంచవచ్చు గానీ, డైరెక్ట్ డ్రైవ్‌కు నిజానికి ఆ అవసరం రాదు. నా మటుకు నేను 30 నుంచి 40 మధ్య ఆగిపోతాను. రబ్బరులా సాగే టీపీయూకి మాత్రం 20, 25 చాలు, దూరం కూడా తగ్గించాలి. గట్టిగా లాగితే అది కదలడానికి బదులు సాగుతుంది.

ఇంకా ఒకటీ అరా పోగులు మిగిలితే రిట్రాక్షన్ కాకుండా ప్రయాణాన్ని చూడండి. 60 మి.మీ. దూరాన్ని సెకనుకు 150 చొప్పున దాటితే 0.4 సెకను, 300 చొప్పున అయితే అందులో సగం. కారడానికి దొరికే సమయం అంత తగ్గుతుంది. ముక్కలను దగ్గర దగ్గరగా పేర్చినా అదే మేలు. మా కొక్కేల లాంటి పొట్టి ముక్కలయితే స్లైసర్‌లో ఒకదాని తరవాత ఒకటి ప్రింట్ చేసే పద్ధతి ఎంచుకోవచ్చు. అప్పుడు 300 దూకుళ్లు మూడుకి పడిపోతాయి. కాకపోతే పూర్తయిన కొక్కేన్ని ప్రింట్‌హెడ్ గుద్దుకోకుండా వాటి మధ్య తగినంత ఎడం ఉంచాలి. ముక్క లోపలే తిరిగేలా చేసే కోంబింగ్ అమరిక ఇక్కడ పనికిరాదు; విడి ముక్కల మధ్య గాలిలోంచి వెళ్లక తప్పదు.

ఇలా తేలిన అంకెలు ఆ పదార్థానికే చెల్లుతాయి. ఒక్కోసారి రంగు మారినా మారతాయి. రీలు అట్ట మీద వేడి, దూరం, వేగం పెన్నుతో రాసిపెట్టుకోండి. డైరెక్ట్ డ్రైవ్ ప్రింటర్ వాడుతున్నవారు ఈ వ్యాసం పక్కన పెట్టాక స్లైసర్ తెరిచి `Retraction Distance` ఎదురుగా ఏముందో ఒకసారి చూడండి. 2కి మించి ఉంటే 0.8కి దించి, అక్కడినుంచి మొదలుపెట్టండి.