భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా శుక్రవారమే

పిల్లలూ, మీలో ఎంటెక్కో పీహెచ్‌డీయో చేస్తున్నవాళ్ళకు AoE అనే మూడక్షరాలు కనబడే ఉంటాయి. కంప్యూటర్ సైన్స్ సదస్సులకు పేపర్ పంపేటప్పుడు గడువు తేదీ పక్కన, "మే 15, 23:59 AoE" అని ఉంటుంది. "భూమ్మీద ఎక్కడైనా సరే" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటకు అది పొట్టిపేరు. ఇవాళ దాని సంగతే చెప్పుకుందాం. కొంచెం గ్లోబు, కొంచెం కూడికలూ తెలిస్తే చాలు, ఇక జీవితంలో ఎప్పుడూ ఆ మూడక్షరాల దగ్గర తడబడరు.

ముందు చిక్కు ఎక్కడుందో చూడండి. ఒక సదస్సుకు హైదరాబాదు నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు, ఆక్లండ్ నుంచి ఇంకొకరు పేపర్లు పంపుతారు. "15వ తేదీ రాత్రి లోపల" అని ఊరుకుంటే ఎవరి రాత్రి? నిర్వాహకులు ఉన్న ఊరి రాత్రి అంటే, మిగతా వాళ్ళందరూ ఆ ఊరి టైము వెతుక్కోవాలి. అమెరికాలోనో యూరప్‌లోనో అయితే ఆ రోజుకు వేసవి గడియారం నడుస్తోందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. అందుకని ఒక ఉదారమైన నియమం పెట్టారు: భూమ్మీద ఏ మూలనైనా సరే ఇంకా 15వ తేదీ మిగిలి ఉన్నంతసేపు గడువు ఉన్నట్టే. మన బంతి భోజనాల్లో చివరి విస్తరి ముందున్నవారు తినడం ముగించేదాకా ఎవరూ లేవరు చూడండి, ఇదీ అలాంటి మర్యాదే. వైమాక్స్ ప్రమాణాలు తయారుచేసిన ఐఈఈఈ 802.16 బృందం తన ఓటింగు గడువులకు ఈ పద్ధతి వాడింది. తరవాత అది కంప్యూటర్ సైన్స్ సదస్సుల్లో మామూలైపోయింది.

అయితే అందరికంటే చివర 15వ తేదీ ఎక్కడ ముగుస్తుంది? ఇప్పుడు గ్లోబు దగ్గరికి రండి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే గంటకు 15 డిగ్రీలు. లండన్ పక్కన ఉన్న గ్రీనిచ్ రేఖను సున్నాగా పెట్టుకోవాలని 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో తీర్మానించారు. అక్కడి నుంచి తూర్పుకు పోతే గడియారం ముందుకు, పడమరకు పోతే వెనక్కు. మన భారత కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర. అందుకే ప్రపంచ ప్రామాణిక కాలం యూటీసీ కన్నా మనం అయిదున్నర గంటలు ముందుంటాం.

పడమరకు అదే లెక్కన పోతూ ఉంటే 180 డిగ్రీల దగ్గర ఆగుతాం. 180ని 15తో భాగిస్తే 12. అంటే యూటీసీ కన్నా 12 గంటలు వెనక. దీన్నే తెర మీద UTC-12 అని రాస్తారు. ఆ గీత దగ్గరే అంతర్జాతీయ దినరేఖ ఉంది కాబట్టి ఇంకా పడమరకు అడుగు వేస్తే తేదీయే మారిపోతుంది. కనుక గడియారాలన్నిటిలోకీ ఆఖరిది UTC-12. AoE గడువు నడిచేది ఆ మండలం టైము మీదే.

ఆ మండలంలో ఎవరుంటారని అడుగుతారేమో. మనుషులెవరూ కాపురం ఉండరు. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన, భూమధ్యరేఖకు కాస్త పైన, బేకర్, హౌలాండ్ అని రెండు చిన్న దీవులున్నాయి. రెండూ అమెరికావే, సముద్రపక్షుల సంరక్షణ కేంద్రాలు. హౌలాండ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1937లో విమానంలో భూమిని చుట్టిరావాలని బయలుదేరిన అమీలియా ఇయర్‌హార్ట్ ఈ దీవిలో దిగాల్సి ఉండగానే కనిపించకుండా పోయింది. మనుషులు కాపురమున్న చోట్లలో చివర తేదీ మారేది అమెరికన్ సమోవా, నియూ దీవుల్లో. అక్కడ యూటీసీకి 11 గంటలే వెనక. అయినా గడువుకు ఎవరూ లేని ఆ 12వ గంటను పట్టుకోవడంలో మంచి కారణం ఉంది. అంతకన్నా వెనక నడిచే గడియారం భూమ్మీద లేదు. కనుక మీరు ఎక్కడున్నా, మీ ఊరి గడియారం ప్రకారం 15వ తేదీ రాత్రి 11:59 అయ్యేసరికి AoE గడువు ఇంకా దాటి ఉండదు. వేసవి గడియారం గొడవ కూడా ఈ మండలానికి లేదు, ఏడాది పొడుగునా ఒకటే లెక్క.

ఇక లెక్క చేద్దాం. గడువు 2026 మే 15, శుక్రవారం, 23:59 AoE అనుకోండి. మొదటి మెట్టు, దాన్ని యూటీసీలోకి మార్చడం. ఆ మండలం యూటీసీ కన్నా వెనక ఉంది కాబట్టి యూటీసీ రావాలంటే 12 గంటలు కలపాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రాతలో మైనస్ గుర్తు కనబడుతుంది కదా అని 12 తీసేస్తారు. వెనకబడ్డ గడియారం నుంచి ముందున్న గడియారానికి పోతున్నాం, కనుక కలపాలి. 23:59కి 12 గంటలు కలిపితే మే 16 ఉదయం 11:59 యూటీసీ. రెండో మెట్టు, దానికి మన అయిదున్నర గంటలు కలపడం. మే 16, శనివారం, సాయంత్రం 5:29. మొత్తం కలిపింది పదిహేడున్నర గంటలు. మన దేశంలోనూ వేసవి గడియారం లేదు కాబట్టి మనకు ఇది జనవరిలోనైనా జూలైలోనైనా మారదు: రాసిన తేదీకి మర్నాడు సాయంత్రం 5:29. జనవరి 31 గడువైతే మనకు ఫిబ్రవరి 1 సాయంత్రం. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవాళ్ళకు వేరే లెక్క అక్కర్లేదు.

డాలస్‌లో ఉన్న మనవాళ్ళకు అంత సులువు కాదు. వాళ్ళకు మే నెలలో వేసవి గడియారం నడుస్తుంది, యూటీసీకి 5 గంటలు వెనక. కనుక ఇదే గడువు వాళ్ళకు 16వ తేదీ ఉదయం 6:59. జనవరిలో అయితే 6 గంటలు వెనక కాబట్టి తెల్లవారి 5:59. గడువు ఒక గంట ముందుకు జరిగిందని కాదు, మారింది వాళ్ళ గడియారమే. ఇంకో చివర ఆక్లండ్ చూడండి. జనవరిలో అక్కడ వేసవి గడియారం నడుస్తుంది కాబట్టి యూటీసీ కన్నా 13 గంటలు ముందు. జనవరి 15 AoE గడువు అక్కడ ముగిసేది 17వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:59కి. తేదీలో రెండు రోజుల తేడా కనబడుతుంది.

వేసవి గడియారం లేకుండానే 12 గంటలు దాటిపోయిన చోటు కూడా ఉంది, అదెలా కుదిరిందో చెప్తాను. 180 డిగ్రీలకు 12 గంటలయితే తూర్పున కూడా 12తో ఆగిపోవాలి కదా? కాని దినరేఖ నిలువుగీత కాదు, దేశాల సౌకర్యం కొద్దీ వంకరలు పోతుంది. కిరిబాతి అనే ద్వీపదేశం ఆ రేఖకు రెండు వైపులా పరుచుకుని ఉండేది. ఒక వైపు సోమవారమైతే ఇంకో వైపు ఆదివారం. 1995 ఆరంభంలో తూర్పు దీవులను కూడా మిగతా దేశం తేదీలోకి తెచ్చుకున్నారు. దాంతో అక్కడి కిరితిమాతి దీవి యూటీసీకి 14 గంటలు ముందుకు వెళ్ళింది. ఆ దీవికి ఉత్తరాన ఇంచుమించు అదే రేఖాంశంలో హవాయి ఉంది. రెండు చోట్లా గడియారం ఒకే గంట కొడుతుంది, తేదీ మాత్రం ఒక రోజు తేడా.

ఇందువల్ల ఒక తేదీ భూమ్మీద ఎంతసేపు బతుకుతుందో ఇప్పుడు మీరే కట్టవచ్చు. కిరితిమాతిలో యూటీసీ కన్నా 14 గంటలు ముందే పుడుతుంది, యూటీసీలో 24 గంటలు ఉంటుంది, బేకర్ దగ్గర ఇంకో 12 గంటలు సాగుతుంది. మొత్తం 50 గంటలు. అంటే రోజూ కొంతసేపు భూమ్మీద ఒకేసారి మూడు తేదీలుంటాయి. మన టైములో అది మధ్యాహ్నం మూడున్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా. మన లెక్కలో శనివారం సాయంత్రం 5:29కి గడువు ముగిసేటప్పుడు మనకు 16వ తేదీ, కిరితిమాతిలో 17వ తేదీ తెల్లవారుజాము 1:59, బేకర్ దగ్గర 15వ తేదీ చివరి నిమిషం.

కంప్యూటర్‌తోనే సరిచూసుకోవాలంటే లినక్స్‌లో ఇలా అడగండి:

```
LC_ALL=C TZ=Asia/Kolkata date -d '2026-05-15 23:59:00 -1200'
```

మే 16, శనివారం, 17:29 అని చెబుతుంది. ఒక్క జాగ్రత్త. కంప్యూటర్‌లోని కాలమండలాల జాబితాలో ఈ మండలం పేరు `Etc/GMT+12` అని ఉంటుంది. ఆ జాబితాలో `Etc` పేర్లకు గుర్తులు తిరగేసి రాసే ఆచారం ఉంది, పడమరకు ప్లస్. అక్కడ `Etc/GMT-12` ఎంచుకుంటే యూటీసీకి 12 గంటలు ముందున్న మండలం వస్తుంది, లెక్క సరిగ్గా ఒక రోజు తప్పుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని బాగా చూడండి. అన్ని సదస్సులూ AoE పాటించవు. కొన్ని "23:59 UTC" అని రాస్తాయి. అది మన టైములో ఎంత? మర్నాడు తెల్లవారుజామున 5:29. AoE అయితే మర్నాడు సాయంత్రం 5:29. తేదీ అదే, ముల్లు నిలిచే చోటు అదే, మధ్యలో పన్నెండు గంటలు. ఎవరో "మనకు 16వ తేదీ 5:29" అని గ్రూపులో పెడితే దాంట్లో ఉదయమా సాయంత్రమా అన్న ఒక్క ముక్క లేకపోతే పేపర్ పోయినట్టే. అందుకే రాసుకునేటప్పుడు 17:29 అని, వారం పేరుతో సహా రాసుకోండి. గడువు పక్కన AoE అనిగానీ UTC-12 అనిగానీ లేకపోతే ఉందని ఊహించుకోవద్దు. సారాంశానికి ఒక గడువు, పూర్తి పేపర్‌కు ఇంకొకటి ఉంటే, రెండిటినీ విడివిడిగా చదవండి.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. గడువు తేదీ నాడు, అంటే మే 15న, సాయంత్రం 5:29కి కౌంట్‌డౌన్ గడియారం చూడండి. 24 గంటలు మిగిలాయని చూపిస్తే అది AoE, 12 గంటలే అంటే యూటీసీ. రెండూ కాని అంకె కనబడితే నిర్వాహకులకు అప్పుడే ఉత్తరం రాయండి. వాళ్ళ నుంచి జవాబు వచ్చేదాకా, గడువు అయ్యే వీలున్న సమయాల్లో అన్నిటికంటే ముందుదాన్నే మీ గడువుగా పట్టుకుని పని చేసుకోండి.